గాజు అమ్మాలా, తాకట్టు పెట్టాలా? ఫీజు గడువుకి ముందు వేసుకోవలసిన లెక్క

విజయనగరంలో గంటస్తంభం దగ్గర్లో ఉన్న ఒక బంగారం కొట్లో కాటా దగ్గర కూర్చుని చాలా ఏళ్లయింది. మా కొట్టుకి రెండు సీజన్లు. ఒకటి పెళ్లిళ్లది, దాని గురించి అందరికీ తెలుసు. రెండోది ఆషాఢంలో వస్తుంది. అప్పుడు కొనేవాళ్లు ఉండరు, అమ్మేవాళ్లే వస్తారు. చేలో నాట్లకి డబ్బు పెట్టేసి ఉంటారు, కాలేజీ ఫీజు గడువు సరిగ్గా అప్పుడే పడుతుంది. గజపతినగరం వైపు నుంచి, నెల్లిమర్ల వైపు నుంచి తల్లులు ఒంటరిగా వస్తారు. కొంగు ముడి విప్పి, అద్దం మీద వస్తువు పెట్టి, "దీనికెంతొస్తాది బాబూ?" అని అడుగుతారు.

ఆ ప్రశ్న కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. నాకు దాన్ని నేర్పింది మా షావుకారు గారు. ఆయన అది అడిగిన ఒక మధ్యాహ్నం సంగతి చెబుతూ, అమ్మకానికీ తాకట్టుకీ మధ్య ఎలా తేల్చుకోవాలో రాస్తాను.

ఆ రోజు వచ్చినావిడకి నలభై అయిదేళ్లు ఉంటాయి. కుడి చేతికి గాజు గాజులు నిండుగా ఉన్నాయి. ఎడమ చేతికి మాత్రం మట్టి గాజుల మధ్య ఒక రోల్డ్ గోల్డ్ గాజు, కొత్తది, ఇంకా మెరుపు పోలేదు. చూడగానే తెలిసింది. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వస్తువు తీసుకొచ్చినవాళ్లు ఆ స్థానంలో ఏదో ఒకటి వేసుకునే వస్తారు. అసలు గాజు పాత చీర పేలికలో చుట్టి ఉంది. సబ్బు నీళ్లతో తీసినట్టున్నారు, నగిషీ సందుల్లో తెల్లగా సబ్బు ఎండి ఉంది. బొటనవేలి ఎముక దగ్గర చర్మం కమిలి ఎర్రగా ఉంది.

కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడాది. మేనేజ్‌మెంట్ కోటా సీటు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఈ విడత 45,000 కట్టాలి, ఆరు రోజుల గడువుంది. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లాడు, పని ఉన్న నెల పంపుతాడు, లేని నెల లేదు. మాకంటే ముందు ఇంకో కొట్టుకి వెళ్లారట. అక్కడ చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి 70,000 అన్నారట.

షావుకారు గారు గాజు ముట్టుకోకుండానే అడిగారు. "అమ్మా, ఇది తిరిగి చేతికి రావాలంటే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఏ నెలలో వస్తుంది?"

ఆవిడ కాసేపు ఆలోచించి, "తెల్దు బాబూ" అన్నారు.

ఎంపిక అంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. "సంక్రాంతికి ధాన్యం డబ్బు వస్తాది" అనో, "ఫిబ్రవరిలో చీటీ పాట మాది" అనో నెల పేరు చెప్పగలిగితే తాకట్టు మంచిది. నెల పేరు చెప్పలేకపోతే తాకట్టు అంటే ఆలస్యంగా జరిగే అమ్మకమే, మధ్యలో కట్టే వడ్డీ అదనం. "ఎలాగోలా విడిపిస్తాం" అనే మాటని షావుకారు గారు జవాబుగా తీసుకోరు. నేనూ తీసుకోను. ఎలాగోలా అన్నవాళ్ల వస్తువులు వేలంలోకి వెళ్లడం చాలాసార్లు చూశాను.

ముందు గాజు విలువ తేలాలి, అది తెలియకుండా ఏ పోలికా కుదరదు. ఫ్యాన్ ఆపి కాటా మీద పెట్టాను. ఫ్యాన్ గాలికి కూడా చివరి అంకెలు ఊగుతాయి, అందుకే మీ వస్తువు తూచేటప్పుడు ఫ్యాన్ ఆపమని, కాటా సున్నా చూపించమని అడగండి. 8.200 గ్రాములు వచ్చింది. పెళ్లినాటి గాజు, ఊళ్లో కంసాలి చేసింది, హాల్‌మార్క్ లేదు. హాల్‌మార్క్ లేదని చాలామంది బెదిరిపోతారు, తక్కువిస్తే తీసేసుకుంటారు. హాల్‌మార్క్ ఉండాలన్న నిబంధన కొట్టువాళ్లు మీకు అమ్మే వస్తువుకి. మీ ఇంట్లో పాత వస్తువు మీరు అమ్ముకోవడానికి హాల్‌మార్క్ అక్కర్లేదు. స్వచ్ఛత ఎంతో పరీక్ష చేస్తే తెలిసిపోతుంది.

916 అంటే నూటికి 91.6 పాళ్లు బంగారం, అదే 22 క్యారెట్లు. పాత ఊరి పని వస్తువులు చాలావరకు అంతకు తక్కువే ఉంటాయి. అందులో మోసమే ఉండాలని లేదు, అతుకుల దగ్గర వేసిన టంకం వల్ల కూడా మొత్తం మీద పాలు తగ్గుతుంది. గీటురాయి మీద గీస్తే అందాజుగా తెలుస్తుంది, మెషీన్ అంకె చెబుతుంది. కానీ మెషీన్ చూసేది పైపొరనే. లోపల ఏముందో పూర్తిగా తెలియాలంటే కరిగించి, ఆ ముద్ద మీద మళ్లీ టంచ్, అంటే స్వచ్ఛత ఎన్ని పాళ్లో, చూడాలి.

ఇక్కడే చాలామంది నష్టపోతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. కరిగించడం వెనక్కి తిరగని పని. మూసలో పడ్డాక అది గాజు కాదు, ముద్ద. ముద్ద మీద బ్యాంకు అప్పు ఇవ్వదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం నగల మీద అప్పు ఇవ్వొచ్చు గానీ ముడి బంగారం మీద ఇవ్వకూడదు. ముద్ద పట్టుకుని ఇంకో కొట్టుకి వెళ్తే అక్కడ మళ్లీ అనుమానంగా చూస్తారు, మళ్లీ తగ్గిస్తారు. అంటే కరిగించమన్న క్షణంలోనే మిగతా దారులన్నీ మూసుకుపోతాయి. కాబట్టి ముందు మెషీన్ మీద చూపించుకోండి. ఆ అంకె కాగితం మీద రాయించుకుని ఇంకో కొట్లో కూడా చూపించండి. అమ్మడం ఖాయం అనుకున్నాకే మూసలో వెయ్యనివ్వండి, వేసినప్పుడు దగ్గరుండి చూడండి.

మెషీన్ 88 చూపించింది. షావుకారు గారు పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి లెక్క రాశారు. బంగారం ధర రోజూ మారుతుంది కాబట్టి, లెక్క సులువుగా ఉండాలని స్వచ్ఛమైన బంగారం గ్రాము 11,000 అనుకుని ఇక్కడ రాస్తాను. మురికి పోతే 8.200 లో 8.150 మిగులుతుంది. అందులో 88 పాళ్లు, అంటే 7.172 గ్రాముల అసలు బంగారం. దాన్ని 11,000తో గుణిస్తే 78,892. మొదటి కొట్టువాళ్లు చెప్పిన దానికి దాదాపు తొమ్మిది వేలు ఎక్కువ. మనం అడగాల్సినవి మూడే: ఈ రోజు స్వచ్ఛమైన బంగారం ధర ఎంత, నా వస్తువులో ఎన్ని పాళ్లు ఉంది, బరువులో ఎంత తగ్గించారు, ఎందుకు. ఈ మూడింటికీ అంకెలు చెప్పకుండా "మొత్తం మీద ఇంతొస్తుందమ్మా" అనే కొట్లోంచి వస్తువు తీసుకుని వచ్చెయ్యండి. కొన్ని కొట్లు మంచి ధరే చెప్తాయి, కానీ వాళ్ల దగ్గర కొత్త వస్తువు కొంటేనే. ఫీజు కట్టాల్సినవాళ్లకి ఆ ధరతో పనిలేదు.

అప్పటికి ఆవిడ కాస్త తేలికపడ్డట్టు కనిపించారు. "అయితే తీసీసుకోండి బాబూ" అన్నారు. షావుకారు గారు కలం కింద పెట్టలేదు. "అమ్మమని చెప్తే నాకు బేరం. అందుకే ముందు అమ్మకపోతే ఏమవుతుందో చూద్దాం. దీని జత ఏదమ్మా?"

గాజులు జతగానే చేయిస్తారు కదా. ఆవిడ తల దించుకున్నారు. మొదటి ఏడాది ఫీజుకి రెండోది ఊళ్లో ఒకరి దగ్గర పెట్టి 30,000 తెచ్చారట, నూటికి రెండు రూపాయల వడ్డీకి. పద్నాలుగు నెలలైంది, ఒక్క నెల వడ్డీ కూడా కట్టలేదు. ఆ సంగతీ ఇంట్లో ఎవరికీ తెలియదు. చీటీ ఇచ్చారా అంటే ఇచ్చారన్నారు, కానీ అందులో బరువు రాయలేదు.

నూటికి రెండు అంటే చిన్నదిగా వినిపిస్తుంది. అది నెలకి. ఏడాదికి 24. ముప్పై వేల మీద నెలకి 600, పద్నాలుగు నెలలకి 8,400. అదే గాజు మొదటే బ్యాంకులో పెట్టి ఉంటే, ఏడాదికి పది రూపాయల వడ్డీ అనుకున్నా, అదే కాలానికి 3,500 అయ్యేది. బ్యాంకువాళ్లు బరువు, పాళ్లు రాసి కాగితం ఇస్తారు. రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన నిబంధనల ప్రకారం పరీక్ష మన ఎదురుగానే చెయ్యాలి. రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. అప్పు తీర్చాక ఏడు పనిదినాల్లో వస్తువు ఇవ్వకపోతే, తప్పు వాళ్లదైతే, రోజుకి 5,000 పరిహారం కట్టాలి. వేలం వేస్తే మిగిలిన డబ్బు మనదే, తిరిగి ఇవ్వాలి. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర పెడితే గుట్టుగా ఉంటుందని మన ఆడవాళ్లు అనుకుంటారు. ఆ గుట్టు కోసం ఎంత కడుతున్నామో ఎవరూ లెక్క వెయ్యరు. ఆవిడ ఆ పద్నాలుగు నెలల్లో దానికి పెట్టింది 4,900 రూపాయలు.

మరి ఇప్పుడు తెచ్చిన ఈ గాజుని బ్యాంకులో పెట్టెయ్యొచ్చు కదా అని నేనే అన్నాను. నిజానికి అమ్మకం కన్నా బ్యాంకు తాకట్టు చవక, విడిపించే దారి ఉంటే. ఎందుకంటే అమ్మిన గాజు మళ్లీ చేయించుకోవాలంటే బంగారం ధర ఒక్కటే కాదు, మజూరీ తరుగు కలిపి నూటికి పది అనుకోండి, ఆ పైన మూడు శాతం జీఎస్టీ. 78,892కి అమ్మిన బంగారం, ధర ఏమీ మారకపోయినా, వస్తువుగా తిరిగి రావాలంటే 89,385 పెట్టాలి. అంటే పదివేల అయిదొందల నష్టం అమ్మిన రోజే రాసి పెట్టుంది. ఫీజుకి కావలసిన 45,000 బ్యాంకులో పది రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 4,500. రెండేళ్లు దాటాక గానీ ఆ నష్టంతో సమానం కాదు. అదే ఊళ్లో నూటికి రెండుకి తెస్తే ఏడాది తిరిగేసరికే 10,800 అయిపోతుంది. కాబట్టి ఏడాది లోపల డబ్బు వచ్చేదుంటే బ్యాంకు తాకట్టు, ఊరి వడ్డీ అయితే నాలుగైదు నెలలు మించకూడదు. నేను చెప్పే కొలత ఇది. ఈలోగా బంగారం ధర పెరిగితే తాకట్టు పెట్టినవాళ్లకి ఇంకా మేలు, తగ్గితే ఆ మేరకి తగ్గుతుంది. దాని మీద నేను పందెం కాయను.

కానీ ఆవిడ విషయంలో షావుకారు గారు నా మాట ఒప్పుకోలేదు. కాగితం మీద చూపించారు. 85 శాతం అంటే 67,000 దాకా వస్తుంది అనుకుంటాం. అప్పంతా వడ్డీతో కలిపి ఒకేసారి తీర్చే పద్ధతిలో, గడువు నాటికి అయ్యే వడ్డీ కూడా ఆ పరిమితిలోనే ఇమడాలి, గడువు ఏడాది మించకూడదు. చేతికి వచ్చేది 60,000 చిల్లర. ఫీజు 45,000 పోతే పదిహేను వేలు మిగుల్తాయి. ఊళ్లో ఉన్న గాజు విడిపించాలంటే 38,400 కావాలి, చాలదు. అప్పుడు రెండు గాజులూ రెండు చోట్ల ఉంటాయి, రెండు వడ్డీలు నడుస్తాయి. తీర్చే నెల మాత్రం తెలియదు. వచ్చే ఏడాది మళ్లీ ఫీజు గడువు వస్తుంది, అప్పుడు పెట్టడానికి చేతికి ఏమీ ఉండదు.

అదే ఈ గాజు అమ్మేస్తే 78,892. ఫీజుకి 45,000 తీస్తే 33,892. ఊళ్లో బాకీకి ఇంకో 4,508 వేస్తే రెండో గాజు చేతికి వస్తుంది. బాకీ మొత్తం తీరిపోతుంది. ఒక గాజు పోయి ఒక గాజు మిగుల్తుంది. "మీ డ్వాక్రా గ్రూపులో పొదుపు అప్పు దొరుకుతుందా అమ్మా?" అని అడిగారు. అయిదు వేలు దొరుకుతాదన్నారు.

ఆయన చేసిన ఉపకారం ఇదేనని నేను అనుకుంటాను. ధర ఎక్కువివ్వడం కాదు. ధర అందరికీ ఇచ్చేదే ఇచ్చారు, ఒక్క రూపాయి పెంచలేదు. గాజు అద్దం మీద పెట్టి అమ్మకానికి సిద్ధంగా ఉన్న మనిషిని కూర్చోబెట్టి, కనిపించని గాజు గురించి అడిగారు. అందుకే మీరు లెక్క వేసేటప్పుడు అమ్మబోయే వస్తువు ఒక్కటే చూడకండి. ఇప్పటికే ఎక్కడో వడ్డీ తింటున్న వస్తువుంటే, దాన్ని కూడా అదే కాగితం మీద రాయండి. జవాబు మారిపోతుంది.

మర్నాడే ఇంకో తల్లి వచ్చారు, చీపురుపల్లి నుంచి. ఆవిడ కొడుకుది కన్వీనర్ కోటా. రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు, ముందు మీరు కట్టండి, పడ్డాక ఇస్తామన్నారట కాలేజీలో. ఆవిడకి వచ్చే డబ్బు ఉంది, ఆలస్యం అంతే. పైగా సంక్రాంతికి ధాన్యం అమ్ముతారు. ఊళ్లో బాకీలు లేవు. ఆవిడని షావుకారు గారు గాజు కాటా మీద కూడా పెట్టనివ్వలేదు, బ్యాంకుకి పంపించేశారు.

విద్యారుణం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నిజానికి అది అన్నిటికన్నా ముందు చూడాల్సిన దారి. బ్యాంకుల మాదిరి పథకంలో నాలుగు లక్షల దాకా తాకట్టు అడగరు. చదువు అయ్యాక ఏడాది వరకు వాయిదాలు కట్టక్కర్లేదు, వడ్డీ మాత్రం మొదటి నుంచీ లెక్కలోకి వస్తుంది. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకి కొన్ని బ్యాంకులు వెనకాడతాయి, అడిగి చూడాలి. అయితే అది వారాల పని. ఆరు రోజుల గడువు ముందు పెట్టుకుని వెళ్తే పని జరగదు. మూడో ఏడాది, నాలుగో ఏడాది ఫీజుల కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టమని ఆవిడకి కాగితం మీద రాసిచ్చాం. ఈ రెండో గాజు జోలికి మళ్లీ వెళ్లకుండా ఉండాలంటే అదొక్కటే దారి.

అమ్మడానికే నిశ్చయమైంది. ఆవిడ ఎదురుగానే కరిగించాం. మూసలో గాజు ఎర్రబడి, నగిషీ ముందు కరిగి, తర్వాత ఒక్కసారిగా గుండ్రంగా ముడుచుకుంది. ఆవిడ కళ్లు తిప్పుకోలేదు. ముద్ద 8.150 తూగింది. టంచ్ 88 దగ్గరే వచ్చింది. ఆధార్ కాపీ తీసుకుని కొనుగోలు ఓచర్ రాశాను, బరువు, పాళ్లు, ధర అన్నీ వేసి. ఆ ఓచర్ కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. అమ్మేవాళ్ల దగ్గర జీఎస్టీ అంటూ ఏమీ కోయకూడదు. లాభం మీద ఆదాయపు పన్ను అనే లెక్క ఒకటుంది గానీ, వేరే ఆదాయం లేని ఈవిడలాంటివాళ్లకి ఇంత మొత్తానికి పన్ను పడదు.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. "డబ్బు చేతికిచ్చీండి బాబూ" అన్నారు. కుదరదు. ఒక రోజులో ఒక మనిషికి 10,000 దాటి నగదుగా ఇస్తే అది కొట్టుకి ఆదాయపు పన్నులో ఖర్చుగా ఒప్పుకోరు. అందుకే నిక్కచ్చిగా ఉండే ఏ కొట్టయినా బ్యాంకు ఖాతాలోనే వేస్తుంది. గుట్టుగా నగదు తీసుకుందామని వచ్చేవాళ్లకి ఇది ముందే తెలిసుండాలి.

"ఖాతా ఉంది కదమ్మా?"

"ఉంది బాబూ. దానికి ఫోన్ నంబరు మా గుంటడిది."

డబ్బు పడగానే మెసేజ్ వెళ్లేది ఆ పిల్లాడికే, 78,892 అనే అంకెతో. తరగతిలో కూర్చుని ఉంటాడు. ఆవిడ ముఖంలో టెన్షన్ మొదలైంది. చెక్కు ఇచ్చినా అదే మెసేజ్ వెళ్తుంది, దాని చుట్టూ దారి లేదు.

షావుకారు గారు లోపల్నుంచి మంచినీళ్లు తెప్పించారు. "అమ్మా, మెసేజ్ కన్నా ముందు మీ మాట వెళ్లాలి. మీరే ఫోన్ చేసి చెప్పండి. తొందరేం లేదు, నాలుగు దాకా కొట్టు ఖాళీయే."

ఆవిడ ఫోన్ తీసుకుని బయట అరుగు మీద కూర్చున్నారు. రోడ్డు మీద ఆటోల మోతలో ఆవిడ మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. "ఏటి నాన్నా, తిన్నావా?" అన్నారు. "ఏ కూర ఏసేరు?" అన్నారు. తర్వాత చాలాసేపు గాజు మాట రాలేదు. హాస్టల్‌లో నీళ్లు వస్తున్నాయా అని అడిగారు. నాన్న ఫోన్ చేశాడా అని అడిగారు. ఆ రోల్డ్ గోల్డ్ గాజుని వేలితో తిప్పుతూనే ఉన్నారు.

నా ముందు స్క్రీన్ మీద ఆవిడ పేరు, ఖాతా నంబరు, మొత్తం అన్నీ నింపి ఉన్నాయి. నొక్కడమే తరువాయి. షావుకారు గారు నా భుజం మీద చెయ్యి వేసి, ఆవిడ ఫోన్ పెట్టేదాకా నొక్కొద్దన్నారు.